స్నేహితుడి నిశ్చితార్థం కబురుకు చిలిపి జవాబు రాయడం ఎలా

పాత హాస్టల్ గ్రూపులో ఒకడు ఉంగరాల ఫొటో పెట్టి నిశ్చితార్థం అయిందని చెబుతాడు. నిమిషంలో ‘కంగ్రాట్స్ రా’, ‘కంగ్రాట్స్ మామా’ అంటూ వరస మొదలవుతుంది. అన్నీ మంచి మనసుతో పెట్టినవే, కానీ సాయంత్రానికి ఎవరు ఏమన్నారో వాడికే గుర్తుండదు. ఆ వరసలో మీ జవాబు చదివి వాడు నవ్వాలి, నవ్వి ఫోన్ పక్కనున్న అమ్మాయికి చూపించాలి. అలాంటి జవాబు రాయాలంటే పెద్ద రచయిత కానక్కర్లేదు. నాలుగు పనులు వరసగా చేసుకుంటే చాలు. ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దానితోనే నడుద్దాం. ఇందులో పేర్లు ఊరికే పెట్టినవి.

మీ హాస్టల్ స్నేహితుడు సూరి, అమలాపురం దగ్గరి పల్లెటూరివాడు. గ్రూపులో ఇలా పెట్టాడు: ‘మిత్రులారా, నిన్న హనుమకొండలో నాకూ దివ్యకూ నిశ్చితార్థం అయిపోయింది. పెళ్లి మాఘమాసంలో, అక్కడే. ముహూర్తం ఇంకా ఖాయం కాలేదు. సెలవులు దాచుకోండి.’

మొదటి పని: కబురును రెండుసార్లు చదవండి

తొందరపడి టైప్ చేసేవాళ్లు సగం విషయం వదిలేస్తారు. సూరి రాసిన నాలుగు ముక్కల్లో జవాబుకు కావలసిన సరుకంతా ఉంది. అమ్మాయి పేరు చెప్పాడు. అమ్మాయిది ఏ వైపో తెలిసింది. పెళ్లి అక్కడే కాబట్టి భోజనాల ఏర్పాటు చాలావరకు ఆడపెళ్లివారి చేతిలో ఉంటుందని ఊహించుకోవచ్చు. ఇది మూడో పనిలో బాగా అక్కరకొస్తుంది. నెల తెలిసింది కానీ ముహూర్తం ఇంకా తెలియదు.

ఆ ‘ఇంకా ఖాయం కాలేదు’ అన్న మాటను గౌరవించండి. ‘డేట్ చెప్పు, డేట్ చెప్పు’ అని గ్రూపులో వెంటపడితే వాడు ఇరుకున పడతాడు. రెండిళ్ల పెద్దలు పంచాంగం ముందేసుకుని కూర్చున్నారు, హాలు దొరకాలి, అమెరికా నుంచి రావలసిన అన్నయ్యకు సెలవు దొరకాలి. ‘ఖాయం కాగానే చెప్పు’ అంటే సరిపోతుంది.

ఇంకొకటి కూడా చూడండి. కబురు ఎక్కడ పెట్టాడు? మీ అయిదారుగురు హాస్టల్ స్నేహితుల గ్రూపులో అయితే ఒక రకం. ఊరి పెద్దలు, మేనమామలు, ఆఫీసు మేనేజరు అందరూ ఉన్న చోట అయితే ఇంకో రకం. నా లెక్కలో మాత్రం ఎక్కడ పెట్టినా ఇద్దరు అదనపు పాఠకులు ఉన్నట్టే అనుకోవాలి. ఒకరు కాబోయే జంట మనిషి, రెండోవారు వాడి అమ్మగారు. గ్రూపులో లేకపోయినా వాళ్లిద్దరికీ స్క్రీన్‌షాట్ వెళ్తుంది.

రెండో పని: మొదటి వాక్యంలో ఆటపట్టించకండి

తెలివైనవాళ్లు కూడా ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. కబురు చూడగానే చేతికి వచ్చే మొదటి మాట ఇలా ఉంటుంది:

‘చివరికి నువ్వూ బలైపోయావా మామా! దివ్య గారికి నా ప్రగాఢ సానుభూతి. మటన్ పెట్టకపోతే పెళ్లికి రానంతే.’

రాసినవాడికి ఇందులో తప్పేమీ కనపడదు. సూరి కూడా నవ్వుతాడు. కానీ దివ్య వైపు నుంచి ఒకసారి చదవండి. ఆ అమ్మాయి మిమ్మల్ని ఇంకా చూడలేదు. మీ గురించి ఆమె చదివే మొదటి వాక్యంలో ఆమె ఒక కత్తి, సూరి ఒక మేక. రెండో వాక్యంలో ఆమె జీవితం పాడైపోయింది. ఇక మటన్ సంగతి. వాళ్లింట్లో పెళ్లికి మాంసం వండుతారో లేదో మీకు తెలియదు. ‘రానంతే’ అన్న బెదిరింపు సూరికి సరదాగా ఉండొచ్చు, వంటల జాబితా రాసుకుంటున్న దివ్య నాన్నగారికి సరదాగా ఉండదు. ‘చివరికి’ అన్న మాటలో ఇంకో ముల్లు ఉంది. వాడికి ముప్పై రెండేళ్లుంటే, నాలుగేళ్లుగా సంబంధాలు చూస్తుంటే, ఆ మాట చుట్టాలందరి నోటా విని విసిగిపోయి ఉంటాడు.

కాబట్టి మొదటి వాక్యం నిండా సంతోషమే ఉండాలి, ఇద్దరి పేర్లూ ఉండాలి. ‘ఒరేయ్ సూరీ, పొద్దున్నే ఎంత మంచి కబురు చెప్పావురా! దివ్య గారికీ నీకూ బోలెడు శుభాకాంక్షలు.’ అంతే. ‘నూతన వధూవరులకు హృదయపూర్వక శుభాభినందనలు’ అని రాయొద్దు. వాళ్లింకా వధూవరులు కాలేదు, పైగా అది ఫ్లెక్సీ మీద రాసే భాష. రోజూ ‘ఒరేయ్’ అని పిలిచేవాడు ఉన్నట్టుండి అలా రాస్తే, ఎవరో పంపినది ఫార్వర్డ్ చేశాడనుకుంటారు. అమ్మాయిని మాత్రం ‘గారు’ అనండి. సూరిని మీరు ఎన్ని మాటలన్నా ఆమెతో మీకు ఇంకా చనువు లేదు. ‘వదిన’ అని వరస కలపడం కూడా కొందరికి నచ్చుతుంది, కొందరికి నచ్చదు. పెళ్లిలో ఎదురుపడి పరిచయమయ్యాక కలుపుకోవచ్చు.

మూడో పని: ఆటపట్టించే విషయాన్ని భోజనంతో ముడేయండి

ఏ విషయం మీద ఆటపట్టించాలో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. ఆ జోకు వాడు తన మీద తానే ఎప్పుడైనా వేసుకున్నాడా? వేసుకుంటే అది మీరూ వాడుకోవచ్చు. వాడి బట్టతల మీద వాడెప్పుడూ జోకు వేసుకోకపోతే మీరూ వేయకూడదు. లావు, రంగు, జీతం, వయసు, అంతకుముందు తప్పిపోయిన సంబంధాలు, కాలేజీలో వాడు వెంటపడ్డ అమ్మాయి, కట్నం: వీటి జోలికి అసలు పోవద్దు. కులం వేరైన పెళ్లో, ప్రేమించి పెద్దల్ని ఒప్పించిన పెళ్లో అయితే ‘ఎలా ఒప్పించావురా బాబూ’ అన్నది కూడా గ్రూపులో వద్దు. ఆ గాయం ఎవరింట్లోనో ఇంకా పచ్చిగా ఉండొచ్చు.

సూరి విషయంలో మన దగ్గర మంచి సరుకు ఉంది. హాస్టల్లో మీ అమ్మ పంపిన ఆవకాయ జాడీని వాడు రాత్రికి రాత్రే అడుగంటించాడు. పట్టుబడ్డాక ‘నా పెళ్లి భోజనంలో తీర్చేస్తాలేరా’ అన్నాడు. ఆ కథను వాడే పదిసార్లు చెప్పుకుని నవ్వాడు. ఇందులో వాడి పరువు పోయేదేమీ లేదు, దివ్యకు కాబోయే భర్త తిండిపోతుతనం కాస్త తెలుస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా ఈ కథ దానంతటదే పెళ్లి భోజనం దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఆటపట్టించడం ఒక వాక్యంలో, భోజనం సంబంధం లేకుండా ఇంకో వాక్యంలో ఉంటే జవాబు అతుకుల బొంతలా ఉంటుంది. రెండూ ఒకే ముడిలో పడితే చదివేవాడికి హాయిగా ఉంటుంది.

ఇప్పుడు భోజనం సంగతి. ‘పప్పన్నం ఎప్పుడు పెడతావు?’ అని పెళ్లికాని కుర్రాణ్ణి ఆటపట్టించడం మనకు కొత్త కాదు. తెలంగాణలో అయితే ‘దావత్ ఎప్పుడిస్తున్నవ్’ అంటారు. కబురు వచ్చేసింది కాబట్టి ఇక ‘ఎప్పుడు’ అని అడగనక్కర్లేదు, ‘ఏమిటి’ అని అడగాలి. ‘భోజనాలు అదిరిపోవాలి’ అన్నది ఎవరైనా రాస్తారు. ఒక వంటకం పేరు చెప్పండి. ఒకటి, మహా అయితే రెండు. అయిదారు వంటకాల పేర్లు రాస్తే అది కేటరింగ్ వాడికిచ్చే లిస్టులా తయారవుతుంది.

ఏ వంటకం అన్నది ఊరిని బట్టి, నెలను బట్టి చూసుకోవాలి. సూరిది కోనసీమ. అక్కడి విందులో ఆవ పెట్టిన పనసపొట్టు కూరకు ఉన్న మర్యాద వేరు. లేత పనసకాయ చెక్కు తీసి, జిగురు అంటకుండా చేతికి, కత్తికి నూనె రాసుకుని, సన్నగా పొట్టులా కొట్టాలి. ఉడికించి, పోపులో వేసి, దించాక ఆవముద్ద కలపాలి. ఆ ఆవ ఘాటు ముక్కుకు తగిలితేనే కూర కుదిరినట్టు. ఆ పేరు రాస్తే చాలు, సూరికి వాళ్లమ్మ వంటగది కళ్లముందు కనపడుతుంది. వరంగల్ వైపు తీసుకుంటే బగారా అన్నం ఉంది. ఈ ఎంపికలో చిన్న జాగ్రత్త దాగి ఉంది. బగారా అన్నం మటన్‌తోనూ తింటారు, బగారా వంకాయతోనూ తింటారు. దివ్య వాళ్లింట్లో పద్ధతి ఏదో తెలియకుండానే ఈ పేరు రాయొచ్చు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. రాయలసీమ సంబంధమైతే ఓళిగలు అడగొచ్చు. కృష్ణా వైపైతే ఉలవచారు, అందులోకి మీగడ. ఆత్రేయపురం దగ్గర్లో పెళ్లయితే పూతరేకుల మాట ఎత్తకపోవడమే తప్పు.

నెల విషయంలో కూడా పొరపాటు చేయొద్దు. మాఘం అంటే జనవరి, ఫిబ్రవరి రోజులు. అప్పుడు ‘బంగినపల్లి పండ్లు బుట్టలకొద్దీ తినేస్తా’ అని రాస్తే నవ్వు మీ మీదికే తిరుగుతుంది. మామిడిపండ్ల కోరిక వైశాఖం పెళ్లికి దాచుకోండి.

ఇక మొదటి పనిలో గుర్తుపెట్టుకున్న సంగతికి వద్దాం. పెళ్లి హనుమకొండలో, విందు ఆడపెళ్లివారిది. మీరేమో మగపెళ్లివారి వైపు నుంచి వెళ్లే మనిషి. ‘పెళ్లిలో పనసపొట్టు కూర ఉండాల్సిందే, పూర్ణాలు వేడివేడిగా ఉండాలి, నెయ్యి తక్కువైతే ఊరుకోం’ అని రాశారనుకోండి. మీ దృష్టిలో అది సరదా. ఆడపెళ్లివారి ఇంట్లో మాత్రం మగపెళ్లివారి కోరికల చిట్టా అప్పుడే మొదలైందన్నమాట. కాఫీ చల్లారిందని విడిదింట్లో అలిగిన మగపెళ్లివారి కథలు మన ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. ఆ కథల్లో మీరు పాత్ర కావద్దు.

దీనికి విరుగుడు తేలిక. కోరేదేదైనా మీ స్నేహితుడి ఇంటినే కోరండి, అవతలి ఇంట్లో ఏది పెడితే అది ఇష్టమన్నట్టు రాయండి. పెళ్లయ్యాక మగపెళ్లివారింట్లో సత్యనారాయణ వ్రతం ఉంటుంది, భోజనాలూ ఉంటాయి. పనసపొట్టు కూర బాకీ ఆ రోజుకు వేసుకుంటే భారం సూరి నెత్తిన పడుతుంది, దివ్య వాళ్ల నాన్నగారు నిశ్చింతగా ఉంటారు. సూరి వాళ్లమ్మగారు ఇది చదివితే కోప్పడరు. ‘ఆ అబ్బాయికి గుర్తుందే’ అని మురిసిపోతారు.

స్నేహితురాలు పెళ్లికూతురైతే మొత్తం తిరగేయాలి. అప్పుడు విందు పెట్టేది ఆమె పుట్టిల్లు కాబట్టి ఎక్కువ కోరికలు ఆమె మీదికే వస్తాయి. ‘అంత పెట్టు, ఇంత పెట్టు’ అనకుండా ఆమె వంట మీద, తిండి మీద ఉన్న పాత కథ వాడుకోండి. ‘మూడేళ్లు నా టిఫిన్ బాక్సు నువ్వే తిన్నావు కదే, పెళ్లినాడైనా నా విస్తరి నాకు వదిలెయ్’ అంటే అడిగినట్టు కాదు, అయినా భోజనం మాట వచ్చింది.

నాలుగో పని: అడిగినదానికి బదులుగా ఒక పని మీద వేసుకోండి

చాలామంది జవాబులు ‘తప్పకుండా వస్తాం’ దగ్గర ఆగిపోతాయి. అది రాసిన ప్రతివాడూ రాడని సూరికి తెలుసు. నిజంగా వచ్చే మనిషి మాట వేరుగా ఉంటుంది. అందులో ఒక పని ఉంటుంది. ‘వడ్డనకు నేనున్నా’, ‘మీ నాన్నగారిని స్టేషన్ నుంచి తీసుకొచ్చే పని నాది’, ‘మొదటి బంతిలో పెద్దవాళ్లను కూర్చోబెట్టే బాధ్యత మాది’. విందు అడిగి ఆటపట్టించినవాడే వడ్డనకు నిలబడతానంటే ఆ మాటకు విలువ వస్తుంది.

వడ్డనలో ఏ పని అడగాలన్నది కూడా సరదాగానే ఉంటుంది. కేటరింగ్ వాళ్లు వచ్చాక ఎవరూ మన చేతికి సాంబారు బకెట్ ఇవ్వరు, ఇచ్చినా మోయలేం. నెయ్యి గిన్నె మాత్రం ఇప్పటికీ అడిగితే ఇస్తారు. పప్పన్నంలో నెయ్యి వేసే మనిషి ప్రతి విస్తరి దగ్గరా ఆగుతాడు, ప్రతి ఒక్కరినీ పలకరిస్తాడు, ‘ఇంకొంచెం’ అని కొసరుతాడు. పెళ్లికొడుకు స్నేహితుడికి రెండు వైపుల చుట్టాలూ పరిచయం కావడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. అయితే అది బఫేనో, బంతి భోజనమో ముందు తెలుసుకోండి. బఫేలో నెయ్యి గిన్నె పట్టుకుని తిరిగితే పరాయివాడిలా కనపడతారు.

రాలేనివాళ్లు వస్తామని రాయొద్దు. డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి మాఘంలో సెలవు దొరకదని తెలిసినప్పుడు, ఆ సంగతి సరదాగానే చెప్పేయండి. ‘నేను రాలేను కానీ నా పేరుమీద ఒక విస్తరి వేయించి, దాని ముందు మన రవిగాణ్ణి కూర్చోబెట్టు. వాడు రెండు విస్తళ్లూ ఖాళీ చేయగలడు’ అనొచ్చు. సూరికి నవ్వొస్తుంది, మీ కోసం ఎదురుచూడడు కూడా.

ఇప్పుడు మొత్తం కలిపి రాద్దాం

పై నాలుగు పనులూ అయ్యాక సూరికి వెళ్లే జవాబు ఇలా తయారవుతుంది:

‘ఒరేయ్ సూరీ, పొద్దున్నే ఎంత మంచి కబురు చెప్పావురా! దివ్య గారికీ నీకూ బోలెడు శుభాకాంక్షలు.

మా అమ్మ పంపిన ఆవకాయ జాడీ రాత్రికి రాత్రే నాకేసి, “నా పెళ్లి భోజనంలో తీర్చేస్తాలేరా” అన్నావు, గుర్తుందా? అసలు, వడ్డీ రెండూ వసూలు చేసుకోవడానికి వస్తున్నా. హనుమకొండలో వాళ్లు ఏం పెడితే అది కళ్లకద్దుకుని తింటా, బగారా అన్నమైతే రెండుసార్లు. నీ బాకీ మాత్రం వ్రతం రోజున మీ ఇంట్లో, మీ అమ్మగారి చేతి పనసపొట్టు కూరతో తీరాలి.

దివ్య గారూ, మీకో చిన్న సలహా. ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టారో వీడికి చెప్పకండి.

ముహూర్తం ఖాయం కాగానే చెప్పరా. ముందురోజే దిగుతా. నెయ్యి గిన్నె నాది.’

దివ్యతో మాట్లాడిన ఆ ఒక్క వాక్యాన్ని గమనించండి. ఆటపట్టించడం అంతా సూరి మీదే జరిగింది, ఆమెను మాత్రం మన వైపు కలుపుకున్నాం. బలి, సానుభూతి అన్న మాటలు చేయలేని పని ఇది చేస్తుంది. ఆమె నవ్వితే ఆ నవ్వు సూరి మీద నవ్వు, తన మీద కాదు.

పొడవు ఇంతకు మించొద్దు. ఫోన్ తెరమీద వేలితో పైకి తోయాల్సి వస్తే ఎక్కువైనట్టే. తెలుగు లిపిలో టైప్ చేస్తే మంచిది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు జోకు, ముఖ్యంగా దీర్ఘాలు తేలక, సగం దారిలోనే చల్లారుతుంది. నవ్వే బొమ్మ ఒకటి పెడితే చాలు. ప్రతి వాక్యం చివరా నవ్వే బొమ్మ ఉంటే జోకు మీద మీకే నమ్మకం లేనట్టుంటుంది.

పెద్దలున్న గ్రూపులో అయితే మొదటి రెండు వాక్యాలూ, ‘ముందురోజే దిగుతా’ అన్న ముక్కా అక్కడ పెట్టి, ఆవకాయ కథ విడిగా సూరికి పంపండి. ఆఫీసులో పక్క సీటు మనిషికైతే బాకీలు, వసూళ్లు వద్దు. అలాంటివాళ్ల పెళ్లికి మిమ్మల్ని పిలుస్తారో లేదో కూడా తెలియదు, ‘మేమంతా విందుకు వచ్చేస్తున్నాం’ అంటే పిలవక తప్పని ఇరకాటంలో పడతారు. ‘శుభాకాంక్షలండీ, ఇకనుంచి మధ్యాహ్నం మా డబ్బాల్లో కూరలు మీకు నచ్చవేమో’ అన్నంత తేలికగా వదిలేయండి.

జవాబు పంపాక సూరి ఊరుకోడు. ‘నెయ్యి సరే, ముందు చేతులు కడుక్కో’ అనో, ‘ఆవకాయ తిన్నది నేనొక్కణ్ణే కాదు, రవిగాణ్ణి అడుగు’ అనో అంటాడు. దానికి ఒక్కసారి బదులిచ్చి ఆగిపోండి. అదే జోకును వారం రోజులు లాగకండి. శుభలేఖ వచ్చిన రోజున మళ్లీ తీయడానికి కొంచెం మిగల్చాలి. అప్పుడు రాయాల్సింది మాత్రం చాలా చిన్నది: ఏ రైలుకు దిగుతున్నారో, ఎంతమంది వస్తున్నారో. విస్తళ్లు లెక్కపెట్టుకునేవాళ్లకు కావలసింది ఆ రెండే.